జీపు వెనక ఎర్ర కళ్లు

చర్ల బస్టాండు పక్కన రేకుల షెడ్డులో పగిడయ్య నలభై ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాడు. బండి రాగానే బానెట్ ఎత్తడు. ముందు టీ తాగుతాడు, ఆ తర్వాత డ్రైవర్‌ని తేరిపార చూస్తాడు. సగం రోగాలు స్టీరింగు వెనకాలే కూర్చుంటాయని ఆయన నమ్మకం.

రెండువేల నాలుగు వానాకాలంలో ఒక మధ్యాహ్నం పూల్‌సింగ్ జీపు వచ్చింది. ముందు నిమ్మకాయల దండ, అద్దానికి వేపమండలు, వెనకంతా కప్పేస్తూ గోనెపట్టా. చూస్తే జీపో జాతరో తెలియలేదు.

"మామా, నా బండికి దయ్యం పట్టింది," అన్నాడు పూల్‌సింగ్. "రాత్రి మంచిగుంటది. పొద్దుగాల సెల్ఫ్ కొడితే కుయ్ అనదు. కొత్త బ్యాటరీ ఏసినా గంతే."

"మరి ఇక్కడికెట్ల వచ్చినవ్?"

"జనం నెట్టిండ్రు. రేపు గూడ నెట్టమంటే మంగీలాల్ జీపు ఎక్కుతం అని మా పక్కింటి ముత్తక్క ఒట్టు పెట్టుకుంది. స్టాండోళ్లు గూడ తీర్పు చెప్పిండ్రు. రేపు సెల్ఫ్‌తోని లేవకపోతే భద్రాచలం ఫస్ట్ ట్రిప్పు మంగీలాల్‌ది. ఆరేండ్ల సంది నాది మామా అది!"

రెండు నెలల క్రితం పనిలో చేరిన వీరబాబు స్పానర్ పట్టుకుని ఎగిరొచ్చాడు. "తాతా, డైనమో పోయింది! ఇప్పుడే ఇప్పేస్త!"

"ఆగురా. డైనమో పోతే తొవ్వలనే ఆగిపోయేటోడు. నడిచేటప్పుడు బ్యాటరీ నిండుతుంది, పండుకున్నంక ఎవడో తాగుతుండు. ఆ తాగుబోతును పట్టాలె. ఇంజన్ బంద్ చెయ్యి, తాళం తియ్యి. బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి, ఆ తీగకూ మైనస్ బుడిపెకూ నడుమ ఈ బల్బు పెట్టు. కరెంటు ఎటు పోయినా దీంట్లకెల్లే పోవాలె. వెలిగితే దొంగ ఉన్నట్టు."

వీరబాబు పెట్టాడు. వెలగలేదు. "బల్బే పోయింది తాతా!" అంటూ దాన్ని నేరుగా బ్యాటరీకి తగిలించి చూశాడు. భగ్గున వెలిగింది.

"బల్బు మంచిదే. దొంగే ఇంట్ల లేడు," అన్నాడు పగిడయ్య.

"పగటి పూట దయ్యమెందుకొస్తది మామా!" పూల్‌సింగ్ తల కొట్టుకున్నాడు. "మా అత్త కొండమ్మ కంచె సందులకెల్లి కండ్లారా చూసింది. చీకట్ల రెండు ఎర్ర కండ్లు! ఎనకాల గోనెపట్టా కట్టిన సంది కనవడలే."

పగిడయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. ఎర్ర కళ్లు అనగానే ఆయన మీసం కొద్దిగా కదిలింది. "సరే. రాత్రి ఇంటికాడ బండిని ఎట్ల పండవెడ్తవో, అచ్చం గట్లనే పండవెట్టు. ఒక్కటి గూడ ఇడవకు."

పూల్‌సింగ్ సిగ్గుపడుతూ సీట్లో కూర్చున్నాడు. తాళం జేబులో వేసుకున్నాడు. వేపమండలకు దండం పెట్టాడు. "పో దయ్యమా, మంగీలాల్ బండికి పో," అన్నాడు. తర్వాత సీటు కింది నుంచి టేకు కర్ర తీసి, ఒక కొస బ్రేకు మీద, ఇంకో కొస సీటుకు ఆనించి గట్టిగా బిగించాడు.

బల్బు వెలిగింది.

"వచ్చిందిరో!" అని వీరబాబు డ్రమ్ము వెనక దాక్కున్నాడు. పూల్‌సింగ్ జీపులోంచి దూకి వాడి వెనక దాక్కున్నాడు.

"దయ్యానికి ఫ్యూజు ఉంటదారా?" అన్నాడు పగిడయ్య. "ఇటు రా. ఒక్కొక్కటే పీకి, చూసి, మళ్ల పెట్టు."

వీరబాబు హారన్ ఫ్యూజు పీకాడు. వెలుగు పోలేదు. హెడ్‌లైట్లది పీకాడు. పోలేదు. మూడోది లాగగానే బల్బు ఆరిపోయింది.

"తాతా... బ్రేక్ లైటుది!"

"అవ్. ఈ జీపుల బ్రేక్ లైటుకు తాళంతోని పనిలేదు. ఫ్యూజు పెట్టి, బల్బు తీసి, తీగ బిగించు. ఇప్పుడు పొయ్యి ఆ గోనెపట్టా లేపు."

వీరబాబు రెండు వేళ్లతో లేపాడు. లోపల రెండు బ్రేక్ లైట్లు ఎర్రగా వెలుగుతున్నాయి.

"మా అత్త చూసిన కండ్లు!" అన్నాడు పూల్‌సింగ్.

"తెల్లార్లు బ్రేకు తొక్కించి, ఆ కండ్లకు దుప్పటి కప్పినవ్. బ్యాటరీ చావక ఏం చేస్తది? కర్ర ఎందుకురా?"

"హ్యాండ్ బ్రేకు తీగ తెగింది మామా. మా ఇల్లు ఎత్తు మీద. పోయిన నెల బండి దొర్లి ముత్తక్క మేకల దొడ్లకు పోయింది."

హ్యాండ్ బ్రేకుకు కొత్త తీగ వేశారు. పగిడయ్య చెప్పకముందే వీరబాబు మళ్లీ బల్బు పెట్టి చూశాడు. వెలగలేదు. ముసలాయన తన టీలో సగం వాడికి పోశాడు.

తీర్పు తేలాలని ఆ రాత్రి జీపును స్టాండులోనే ఉంచారు. మర్నాడు పొద్దున స్టాండంతా కళ్లప్పగించి చూస్తోంది. మంగీలాల్ ఇంజన్ ఆన్ చేసుకుని సిద్ధంగా ఉన్నాడు. అలవాటు కొద్దీ జనం ముందే పూల్‌సింగ్ జీపులో మూటలు వేసేశారు. "ఇదే ఆఖరుసారి," అంటూ ముత్తక్క కొంగు దోపి వెనక చేతులు పెట్టింది. ఇంకో అయిదుగురు ఆనుకున్నారు.

పూల్‌సింగ్ సెల్ఫ్ కొట్టాడు. బండి ఒక్క గుర్రుతో లేచి ముందుకు దూకింది. ఆనుకున్నవాళ్లంతా దబదబా బురదలో పడ్డారు. ఆనందం పట్టలేక పూల్‌సింగ్ వెనక్కి చూడకుండా హారన్ కొట్టుకుంటూ భద్రాచలం దారి పట్టాడు.

"నా చింతపండు మూటరో!" అని ముత్తక్క లేచి పరుగందుకుంది. ఆమె వెనక అందరూ.

"తాతా, ఫస్ట్ ట్రిప్పు దక్కింది!" అన్నాడు వీరబాబు.

"దక్కింది గానీ," అన్నాడు పగిడయ్య, మలుపు దాకా సాగిన ఆ పరుగును చూస్తూ, "నెట్టినప్పుడు గూడ పాపం గింత దూరం ఉరకలేదురా."