వేడి కాయిల్ వెనక తడి

రెండువేల తొలి ఏళ్లలో, ముసురు రోజుల్లో, అమలాపురంలో ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్ గోడలు చెమరుస్తున్నాయంటే, బయటిగాలిని లోపలికి పంపే యంత్రాన్ని చూడటానికి వెళ్లాను. అందులో తిరిగే చక్రం బయటిగాలిలోని వేడినీ తేమనూ కొంత, బయటికి పోయే గాలికి అప్పగిస్తోంది. చల్లని కాయిల్, అంటే చల్లటి నీటి గొట్టాల చుట్ట, మరికొంత తేమను నీరుగా కారుస్తోంది. ఆ తర్వాత వేడి కాయిల్ గాలిని వెచ్చబరచాలి తప్ప తేమ పెంచకూడదు. గాలిలో తేమను చూపే నా చార్టులో మాత్రం అడ్డంగా సాగాల్సిన గీత పైకెక్కింది, అంటే అక్కడ తేమ పెరుగుతోంది.

యంత్రం తలుపు తీయించాను. కాయిల్ వెనక తాడు నిండా తడి లుంగీలు, దుప్పట్లు!

"ఆయ్, వానలండీ. ఇక్కడైతే గంటలో ఆరిపోతాయండీ," అన్నాడు ఆపరేటర్.

మండిపడుతూ వచ్చిన పెద్ద డాక్టరుగారు తాడు చివర ఆగిపోయారు.

"ఇది నా లుంగీ కదయ్యా!"

"అమ్మగారే పంపేరండీ."

బట్టలు తీశాక గీత అడ్డంగా పడింది. గోడలు సాయంత్రానికి ఆరాయి, లుంగీ మాత్రం ఆరలేదు.