మూడో పంక్తి

హైమవతికి భయం పుట్టుకతోనే వచ్చిందని వాళ్లమ్మ అంటూ ఉండేది. టెక్కలి హైస్కూలు లెక్కల మాస్టారి కూతురు. చిన్నప్పుడు తలుపు గడియ వేసి పడుకుని, మళ్లీ లేచి వెళ్లి తడిమి చూసుకునేది. విశాఖపట్నంలో డాక్టరీ చదివినప్పుడు శవాల దగ్గర జంకలేదు గానీ, బతికున్న రోగి దగ్గర మాత్రం చేతులు చల్లబడేవి. ఏం మరిచిపోతానో, నా మరుపు ఎవరి మెడకు చుట్టుకుంటుందో అని ఆవిడ బెంగ. అలాంటి మనిషి ఉద్దానం కొబ్బరితోటల మధ్య ఇరవై మంచాల ధర్మాసుపత్రిలో ఉద్యోగానికి చేరింది. పిరికివాళ్లకే ఇలాంటి చోట్లు దొరుకుతాయి మరి!

అది పంతొమ్మిది వందల అరవై తొమ్మిదో సంవత్సరం. ఆసుపత్రి పెద్ద డాక్టరు అనంతపద్మనాభం విదేశంలో కొంతకాలం పనిచేసి అప్పుడే తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ కేసు షీటు రాసే కొత్త పద్ధతి ఒకటి పట్టుకొచ్చాడు. రోజూ రోగిని చూశాక నాలుగు అక్షరాల కింద నాలుగు ముక్కలు రాయాలి. ఎస్ అంటే రోగి నోట విన్నది. ఓ అంటే మనం చూసిందీ, కొలిచిందీ. ఏ అంటే ఆ రెండూ కలిపి మనకు తోచిందీ, ఎందుకు తోచిందీ. పి అంటే చెయ్యబోయేది. ఆ అక్షరాలు వరసగా చదివితే ఇంగ్లీషులో సబ్బు అవుతుందని వార్డంతా దాన్ని సబ్బురాత అని నవ్వుకునేది.

హైమవతి నవ్వలేదు. భయపడేవాళ్లకు పద్ధతి అంటే పండగ. దొరికిందే సందని ఒక్కో రోగికి రెండేసి పేజీలు నింపడం మొదలుపెట్టింది. రోగి తిన్న గంజి, తాగిన మజ్జిగ, పక్కింటివాళ్లు చెప్పిన పసరుమందు, ఏదీ వదలలేదు.

ఆ వారం గున్నయ్య వచ్చాడు. కొబ్బరికాయలు దింపే మనిషి. మట్ట విరిగి చెట్టు మీంచి జారి, పక్కనున్న కంచెగుంజ మీద ఎడమ పక్కటెముకలు తగిలేలా పడ్డాడు. తన కాళ్ల మీద తనే నడిచొచ్చాడు, వెనకాల పెళ్లాం నీలమ్మ ఏడుస్తూ వచ్చింది. హైమవతి ఎప్పటిలాగే రెండు పేజీలు నింపింది.

మర్నాడు రౌండ్సులో అనంతపద్మనాభం ఆ కాగితాలు చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూశాడు.

"ఏమిటమ్మా ఇది, కేసు షీటా, హరికథా? దీన్ని చదివేవాడు కుర్చీలో కూర్చుని చదవడు. మంచం పక్కన నిలబడి, ఇంకో రోగి కేకలు వింటూ చదువుతాడు. నాలుగు పంక్తులు. అంతే."

నర్సులందరి ముందూ అన్నాడు. హైమవతి ముఖం కందగడ్డైపోయింది. ఆ సాయంత్రమే పెద్దాయన ఏదో పనిమీద విశాఖపట్నం వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున్న గున్నయ్య మంచం మీద గోడకు జారగిలబడి కూర్చున్నాడు.

"ఎలా ఉంది గున్నయ్యా?"

"బుజం నెప్పమ్మగోరూ. ఈ ఎడమ బుజం. పడుకుంటే సంపేత్తంది, కూకుంటే కాస్త నయం. రాత్రంతా కూకునే నిద్దరోయాను."

"రాజాలాగా కూర్చున్నావే!" అని ఆవిడ నవ్వింది. నాడి చూసింది. నిమిషానికి నూరు. మొదటి రోజు ఎనభై నాలుగు. బీపీ బాగానే ఉంది. పొట్ట మెత్తగానే ఉంది. భుజం ఎటు తిప్పినా తిరుగుతోంది, దెబ్బ జాడ లేదు. ఏదో ముల్లులా గుచ్చుకుంది మనసులో. రాద్దామని కలం తీసింది. మళ్లీ హరికథ గుర్తొచ్చింది. కొలిచినవి నిజాలు, తనకు తోచింది వట్టి అనుమానం. అనుమానాన్ని కాగితమెక్కిస్తే మళ్లీ నవ్వుతారు. ఎడమ భుజం నొప్పి అని ఒక పంక్తి. నాడి నూరు, బీపీ మామూలు, పొట్ట మెత్తగా ఉంది అని రెండోది. పక్కటెముకల దగ్గర కమిలిన దెబ్బ అని మూడోది. గమనించాలి అని నాలుగోది. రాసిన ఇంగ్లీషు ముక్కలు చూసుకుని మురిసిపోయింది కూడా. షీటును మంచం కాళ్ల దగ్గర తగిలించి, డ్యూటీ రెండో డాక్టరు మన్మథరావుకు అప్పగించి, సెలవు మీద ఇంటికని పలాస బస్సెక్కింది.

పలాసలో దిగి టెక్కలి బస్సు కోసం నిలబడింది. ఎదురుగా జీడిపిక్కల బస్తాల మీద వాటిని మోసే కళాసీ ఒకడు వెల్లకిలా పడుకుని, కాళ్లూ చేతులూ బారజాపి గుర్రు పెడుతున్నాడు. ఆవిడ ఊరికే అతని వంక చూస్తూ నిలబడింది. ఒళ్లు అలిసినవాడు ఇలా పడుకుంటాడు. గున్నయ్య పడుకోలేదు. పడుకుంటే భుజం నొప్పి. భుజానికి దెబ్బే లేదు.

ఎడమ పక్కటెముకల వెనక ప్లీహం ఉంటుంది. అది చిట్లితే నెత్తురు మెల్లమెల్లగా కారి, పడుకున్నప్పుడు పైకి పారి, ఊపిరితిత్తుల కింది పొరను తాకుతుంది. ఆ పొర నొప్పి భుజంలో తెలుస్తుంది. పాఠంలో చదివింది, పరీక్షలో రాసింది. కేసు షీటులో మాత్రం రాయలేదు. పడుకుంటే ఎక్కువన్న మాట లేదు, మొదటి రోజు నాడి పాత రెండు పేజీల్లో ఎక్కడో ఉండిపోయింది. మన్మథరావు చేతిలో ఉన్నది కమిలిన దెబ్బ ఒక్కటే. దేన్ని గమనించాలో, ఏం కనిపిస్తే ఏం చెయ్యాలో ఆ కాగితం చెప్పదు.

టెక్కలి బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. హైమవతి వెనక్కి వెళ్లే బస్సులో ఉంది. ఆ బస్సు ప్రతి ఊరి మొగలో ఆగింది. ఎవరో మేకను ఎక్కిస్తానన్నారు, కండక్టరు వద్దన్నాడు, పంచాయితీ అయింది. ఆవిడకు అరవాలనిపించింది. ఇలవేల్పులందరికీ మొక్కింది, మధ్యలో పేర్లు మరిచిపోయింది.

ఆసుపత్రికి చేరేసరికి ఎండ వాలుతోంది. గున్నయ్య మంచం మీద ఎవరో జ్వరం పిల్ల పడుకుని ఉంది. హైమవతి మంచం కోడు పట్టుకుని నిలబడిపోయింది.

"గున్నయ్యేడీ?" అంది.

"ఇంటికంపీసేనండీ" అన్నాడు మన్మథరావు. "మీ షీటు సూసే అంపేను. పొట్ట మెత్తగుంది, కమిలిన దెబ్బన్నారు. మంచం కావలిసొచ్చింది. ఏటండీ, అలాగైపోనారు?"

ఆవిడ చెప్పింది. పడుకోలేకపోవడం చెప్పింది, ఎనభై నాలుగు నూరైన సంగతి చెప్పింది. వింటూ వింటూ అతని ముఖం పాలిపోయింది. ఒకరినొకరు నిందించుకునే ఓపిక ఇద్దరికీ లేదు. సెలైన్ సీసా, సూదులు పట్టుకుని ఆసుపత్రి జీపులోకి దూకారు. డ్రైవరు ఢిల్లీరావు ఇసక దారిలో పోనిచ్చాడు.

గున్నయ్య ఇల్లు చేరలేదు. తోటలో ఒక కొబ్బరిమొదలుకు చేరగిలబడి కూర్చున్నాడు. పెదాలు తెల్లబడ్డాయి. నీలమ్మ బొండం కొట్టి అతని నోటి దగ్గర పెట్టబోతోంది.

"వద్దు నీలమ్మా! నోట్లో ఏమీ పొయ్యకు! ఆపరేషను చెయ్యాల్సొస్తుంది!"

"దాహమంటన్నాడమ్మా! నీల్లు కూడా తాగనీవా? బాగైపోనాడని అంపీసినారు గదమ్మా!" అంటూ నీలమ్మ ఘొల్లుమంది. ఆ మాట హైమవతి గుండెలో దిగబడిపోయింది.

నాడి చేతికి అందీ అందనట్టు కొట్టుకుంటోంది. నిమిషానికి నూట ముప్పై. బీపీ ఎనభై. పొద్దున్న మెత్తగా ఉన్న పొట్ట ఇప్పుడు బల్లలా బిగిసింది. జీపులో పడుకోబెడితే "బుజం, బుజం" అని మూలిగాడు. నీలమ్మ సెలైన్ సీసా ఎత్తి పట్టుకుంది. బండి బరంపురం పెద్దాసుపత్రి దారి పట్టింది.

"సర్జను గారికి చీటీ రాయండి" అన్నాడు మన్మథరావు, గున్నయ్య చెయ్యి వదలకుండా. "ఆల్లు మొదట్నించీ మల్లీ అడిగీసరికి టైమైపోద్ది."

హైమవతి కాగితం తొడ మీద పెట్టుకుంది. రెండు పేజీలు రాస్తే ఎవరు చదువుతారు? నాలుగు పంక్తులు రాస్తే మళ్లీ పొద్దుటిదే అవుతుందేమో?

"నాకు రావడం లేదండీ. భయంగా ఉంది."

"భయమెందుకేసింది మీకు, పలాసలో?" అన్నాడతను. "అదే రాయండి. మిగతాది అనవసరం."

రాసింది. చెట్టు మీంచి ఎడమ పక్కటెముకల మీద పడి మూడో రోజు. ఎడమ భుజం నొప్పి, పడుకుంటే ఎక్కువ, కూర్చుంటే తక్కువ. నాడి ఎనభై నాలుగు, నూరు, ఇప్పుడు నూట ముప్పై. బీపీ నూట పది నుంచి ఎనభైకి. మెత్తని పొట్ట బిగిసింది. భుజానికి దెబ్బ లేదు, కదలిక మామూలు. మూడో పంక్తి దగ్గర ఆగి, ఊపిరి పీల్చి రాసింది: ప్లీహం చిట్లి లోపల రక్తం కారుతోందని నా అనుమానం, ఎందుకంటే భుజం బాగానే ఉండీ పడుకుంటేనే నొప్పి, బీపీ పడకముందే నాడి పెరుగుతూ వచ్చింది, వట్టి కమిలిన దెబ్బైతే ఇలా ఉండదు. నాలుగోది: వెంటనే పొట్ట తెరవాలి, రక్తం ఎక్కించాలి, సెలైన్ నడుస్తోంది, నొప్పికి మందు ఇవ్వలేదు, నోటికి ఏమీ ఇవ్వలేదు.

పెద్దాసుపత్రి వరండాలో సర్జను ఆ చీటీని నిలబడే చదివాడు. పక్కనెవరో కేకలు పెడుతున్నారు. మూడో పంక్తి దగ్గర అతని కళ్లు ఒక్క క్షణం ఆగాయి. పొట్టలో సూది గుచ్చి చూశాడు. నెత్తురొచ్చింది. ఆవిణ్ణి ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా "థియేటర్!" అని కేకేశాడు. మన్మథరావు రక్తం గున్నయ్యకు సరిపోయింది.

తలుపులు మూసుకున్నాయి. హైమవతి, నీలమ్మ నేల మీద పక్కపక్కన కూర్చున్నారు. నీలమ్మ చెయ్యి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ తన తప్పు ఎలా చెప్పాలా అని నోరు తెరిచింది. ఏడుపొచ్చింది. ఏం అర్థమైందో ఏమో, నీలమ్మ మాత్రం చెయ్యి వదల్లేదు.

అనంతపద్మనాభం తిరిగొచ్చి ఆ పొద్దుటి షీటూ, పెద్దాసుపత్రి నుంచి తెప్పించిన చీటీ నకలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. చివరికి "నేను పొడుగు తగ్గించమన్నాను. ఏది తగ్గించాలో చెప్పలేదు" అన్నాడు. ఆ మాట ఆవిడకు ఊరటనివ్వలేదు. ఊరట కావాలని ఆవిడ అడగనూ లేదు.

కొన్ని వారాలకు గున్నయ్య చూపించుకోవడానికి వచ్చాడు. చిక్కిపోయాడు, పొట్ట మీద పొడుగాటి కుట్ల మచ్చ. "సెట్టెక్కొచ్చా అమ్మగోరూ?" అంటూనే వచ్చాడు. ఇంకా కొన్నాళ్లు వద్దంది. పొట్ట చూడాలి, మంచం మీద పడుకోమంది.

అతను పడుకున్నాడు. వెల్లకిలా, కాళ్లూ చేతులూ బారజాపి. హైమవతి కదలకుండా అతని ముఖమే చూస్తూ నిలబడింది, ఎప్పుడు మూలుగుతాడో అని.

"బుజం?"

"బుజానికేటమ్మా, బాగుంది. ఈ మంచం సల్లగుంది, ఓ కునుకు తీసీమంటారా?"

ఆవిడ కలం తీసింది. మొదటి పంక్తిలో రాసింది: వెల్లకిలా పడుకున్నా భుజం నొప్పి లేదన్నాడు.