తెల్ల కాలరు మీద తుప్పు రంగు

మా అమ్మాయికి ఎండ పడదు. కాసేపు నిలబడితే చాలు, మెడ మీద దద్దుర్లు లేస్తాయి. నరసరావుపేటలోని చర్మం డాక్టరమ్మ సన్‌స్క్రీన్, మాయిశ్చరైజర్ రాసింది. పిల్ల బడిలో ఖోఖో ఆడుతుంది కాబట్టి రెండూ మెడ దాకా పూసే పంపేదాన్ని.

కొన్నాళ్ళకు తెల్ల యూనిఫాం కాలర్లు పసుపుపచ్చగా తిరిగాయి. నేను గురజాలలో ఒక బట్టల షాపులో పనిచేస్తాను. పగలంతా నిలబడి ఇంటికొచ్చి, కాళ్ళు లాగుతుంటే బాత్రూంలో పీట వేసుకుని ఆ కాలర్లు రుద్దేదాన్ని. సబ్బు అరిగేది, వేళ్ళు ఒరుసుకుపోయేవి, మరక మాత్రం అలాగే ఉండేది.

ఒకరోజు అమ్మాయి బ్యాగు విసిరేసి, "ఇక ఆ క్రీము పూసుకోనమ్మా. నా కాలరు చూసి నేను స్నానం చెయ్యనంట, అందరూ అంటున్నారు," అంది.

"దద్దుర్లొస్తే ఏం చేస్తావే?"

"రానీలే."

ఆ మాటకు నా ప్రాణం చివుక్కుమంది. ఆదివారం ఒక చొక్కాను బ్లీచ్ నీళ్ళలో నానబెట్టాను. తీసి చూస్తే మరక పోకపోగా ఇంకా ముదిరి నారింజ రంగులోకి దిగింది. దాన్ని పిండే ఓపిక కూడా లేక అలాగే కూర్చుండిపోయాను.

తర్వాత పిల్లను చూపించడానికి వెళ్ళినప్పుడు ఈ సంగతి డాక్టరమ్మకు చెప్పాను.

"ఏ నీళ్ళతో ఉతుకుతావమ్మా?"

"బోరు నీళ్ళండి."

"బకెట్ లోపల ఎర్రగా పట్టుకుంటదా?"

"చానా పడతదండి. ఎంత తోమినా మళ్ళీ వస్తది."

"అది ఇనుము. ఈ సన్‌స్క్రీన్‌లో అవోబెంజోన్ అని ఎండను ఆపే మందొకటుంది. నీళ్ళలో ఇనుముతో కలిస్తే తుప్పు రంగు వస్తది. బ్లీచ్ వేస్తే మరింత ముదురుద్ది. మాయిశ్చరైజర్ జిడ్డేమో నూలులో ఉండిపోయి పాతబడేకొద్దీ పచ్చబడుద్ది."

"మరి పోయేదెట్టాగండి?"

"ముందు గిన్నెలు తోమే లిక్విడ్ రుద్ది జిడ్డు తియ్యి. తర్వాత నిమ్మ ఉప్పు, అదే కిరాణా కొట్లో దొరికే సిట్రిక్ యాసిడ్, కలిపిన నీళ్ళలో నానబెట్టు. బ్లీచ్‌తో మాత్రం కలపబోకు, విషపు గాలి వస్తది. మరక పోయేదాకా ఇస్త్రీ పెట్టబోకు." సన్‌స్క్రీన్ కూడా మార్చి, అవోబెంజోన్ లేకుండా జింకు ఉన్నది రాసిచ్చింది. క్రీము ఆరాకే చొక్కా తొడగమంది.

ఇంటికొచ్చి అలాగే చేశాను. లిక్విడ్ పూసిన కాలరు వేళ్ళకు జిగురుగా తగిలి, కడిగేసరికి తేలికపడింది. నిమ్మ ఉప్పు నీళ్ళలో పసుపు మెల్లగా పలచబడింది. చివరిసారి జాడించడానికి బోరు నీళ్ళు వాడలేదు, తాగే క్యాను నీళ్ళు పోశాను. పిల్ల పక్కన కూర్చుని, "పోతందమ్మా, పోతంది!" అని అరిచింది. నేను గోడకు ఆనుకుని ఊరికే చూస్తూ ఉన్నాను. సంతోషం ఉంది, అది మొహం మీదకు రావడానికి ఓపికే లేదు.

బ్లీచ్ పడిన చొక్కా ఒక్కటి ఎన్నిసార్లు నానబెట్టినా పూర్తిగా తెల్లబడలేదు. దాన్ని పిల్ల ఇంట్లో తొడుక్కుంటోంది. సోమవారం పొద్దున నేను పిలవకుండానే ట్యూబు తెచ్చి నా చేతిలో పెట్టి, జడ పైకెత్తి మెడ చూపించింది.