ఎడమ కట్ట లెక్క

యెషయాతో పెట్టుకుంటే మూడో మాటకు కొట్లాటే అని మా క్యాంపులో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. చాయ్ చల్లారిందని హోటలువాడిని కడిగేసేవాడు. ప్రార్థనలో పాదిరిగారు వాక్యం తప్పు చదివితే వెనక వరుసలోంచి దిద్దేవాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. కరీంనగర్ మిషన్ బడిలో చదువుకుని, మా ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. నేను అక్కడే నక్షలు గీసేవాణ్ణి. మా బల్లలు ఎదురెదురు. ఆయన కోపంలో సగం నా చెవుల మీదుగానే పోయేది.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. మంచిర్యాలకు చాలా దూరాన, ఎర్రవాగుకు అడ్డంగా మట్టికట్ట వేస్తున్నారు. వాగుకు ఎడమ పక్కన ఒక కట్ట, కుడి పక్కన ఒక కట్ట లేస్తున్నాయి. నడుమ వాగు పారే గండిని అట్లాగే వదిలేశారు. రెండు పక్కల కట్టలూ అనుకున్న ఎత్తుకు వచ్చాకే గండి మూయాలి. తొందరపడి ముందే మూస్తే, వరద వచ్చినప్పుడు నీళ్లు పోను దారిలేక తక్కువున్న కట్ట మీదుగా దుముకుతాయి. మట్టికట్ట మీదుగా నీళ్లు దుమికితే ఇక కట్ట ఉండదు. ఎడమ కట్ట కిందనే కూలీల గుడిసెలన్నీ ఉన్నాయి.

యెషయా పని రోజువారీ పని పట్టిక. సాయంత్రం కాగానే ఒక్కొక్క భాగం సూపర్‌వైజరు తన చీటీ పంపేవాడు. ఇవాళ ఎంత మట్టి తవ్వారు, ఎంత రాయి పేర్చారు, రోలరు ఎంత మేర తిరిగింది, అన్నీ అందులో ఉండేవి. ఆ చీటీలన్నీ కూడి యెషయా ఒకే కాగితం మీదికి తెచ్చేవాడు. ఒక్కొక్క పనికి మొత్తం ఎంత చెయ్యాలి, ఈ తేదీకి ఎంత కావాలని అనుకున్నాం, నిన్నటి వరకు ఎంతయింది, ఇవాళ ఎంత, మొత్తం ఎంత, తరుగు ఎంత అని వరసగా గళ్లు ఉండేవి. తరుగు గడిని ఆయన ఎర్ర సిరాతో నింపేవాడు. తెల్లవారగానే అది పెద్ద ఇంజనీరు బల్ల మీద ఉండాలి. ఆ పెద్దమనిషికి అన్ని చోట్లా తిరిగే తీరిక ఎక్కడిది? రోలర్లు ఎటు పంపాలో, మనుషులను ఎక్కడ పెంచాలో ఆ కాగితం చూసే చెప్పేవాడు.

ఆ ఎండాకాలం ఎడమ కట్ట తరుగు చకచకా తగ్గిపోయింది. మే నెల ఆఖరుకు పన్నెండు లక్షల ఘనపుటడుగులు కావాలి. వారం మిగిలి ఉండగానే చీటీల కూడిక పన్నెండు దాటింది. మా అసిస్టెంట్ ఇంజనీరు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మనుషులనూ రోలర్లనూ గండి దగ్గరికి మళ్లిస్తే ఈ ఏడే మూసేయొచ్చని పెద్ద ఇంజనీరుకు కబురు కూడా పెట్టేశాడు.

యెషయాకు మాత్రం ఏదో గుచ్చుకుంది. అంతకుముందే లెవెల్ పట్టేవాళ్లు కట్టను అడ్డంగా కొలిచి తెచ్చారు. ఆ కొలతల ప్రకారం లెక్కకడితే అణిగిపోయే మట్టికి తగ్గింపు పోగా పదకొండు లక్షలు కూడా నిండలేదు. కట్ట ఒకటి చెబుతోంది, చీటీల్లోని మట్టి గుంతలు ఇంకొకటి చెబుతున్నాయి. ఆయన నా బల్ల మీద రెండు కాగితాలూ పరిచి, ఇందులో ఎవడో అబద్ధమాడుతున్నాడని గర్జించాడు. నక్షలు గీసుకునే నన్నెందుకయ్యా బెదిరిస్తావు అన్నాను. మరునాడు పొద్దున్నే గొడుగు వేసుకుని మట్టి గుంతల దగ్గరికి పోయాడు. ఆయన కోపం చూడ్డం నాకో వేడుక. నేనూ వెంట పోయాను.

మట్టి తవ్వే గుంతల్లో అక్కడక్కడా కొంత నేలను తవ్వకుండా దిమ్మగా వదిలేస్తారు. పాత నేల ఎంత ఎత్తున ఉండేదో ఆ దిమ్మ నిలబడి చెబుతుంది. దిమ్మ తల నుంచి గుంత అడుగుకు ఎంతుందో కొలిస్తే అదే లోతు. లోతును బట్టి తవ్విన మట్టి లెక్క. అందుకే దిమ్మ మీద పాత గడ్డి చెక్కుచెదరకుండా ఉండాలని నియమం. మా దగ్గర తవ్వే ఆడవాళ్లకు ఇంకో నియమం ఉంది. భూమి కడుపు కోస్తున్నాం గనుక ఏ గుంత మొదలుపెట్టినా ఆ గుంతలో దిమ్మ మీద పోచమ్మను నిలపాలి. పిడికెడు పిడికెడు మన్ను తెచ్చి గద్దె వేసి, పేడతో అలికి, పసుపు కుంకుమ పెట్టి, వేపకొమ్మ గుచ్చుతారు. పాత సూపర్‌వైజరు గద్దెను వదిలి, పక్కన గడ్డి వేళ్ల పొర నుంచి కొలిచేవాడు. ఈ గుంతలు మొదలుకాకముందే ఆయన బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినవాడు గద్దె తల నుంచే టేపు వదులుతున్నాడు. వాడికి కపటం తెలియదు. గద్దె కూడా దిమ్మే అనుకున్నాడంతే. మూడడుగుల గుంతకు నాలుగంగుళాలు ఊరికే కలిసిపోతున్నాయి. పదింట ఒక వంతు మట్టి ఎవరూ తవ్వకుండానే కాగితం మీద పుట్టేసింది.

యెషయా గొడుగు మూసి దిమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. తవ్వే జట్టుకు పెద్ద కిష్టవ్వ. పార భుజాన వేసుకుని గబగబా వచ్చింది. పోచమ్మను ముట్టొద్దని ముందే చెప్పింది. ముట్టనని ఈయన చెప్పాడు. ఆ గద్దె కింద గడ్డి ఉన్నదా అని మాత్రం అడిగాడు. ఉన్నదని ఆమె చెప్పింది. అయితే మీ జట్టు లెక్క, దాంతోపాటు కూలీ తగ్గుతాయని ఈయన ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆమె ముఖం గంటు పెట్టుకుంది. ఎండలో వీపు కాలుతుంటే తవ్వింది మేము, లెక్క తగ్గించేది నీడలో కూర్చున్న మీరా అని చెడామడా తిట్టింది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. కొట్లాటకు పేరుపడ్డ యెషయా గొడుగు తెరుచుకుని వెనక్కి తిరిగాడు.

ఆ సాయంత్రం పట్టికలో ఎడమ కట్టకు పది లక్షల ఎనభై వేలు వేశాడు. తరుగు గడిలో ఎర్ర సిరాతో లక్షా ఇరవై వేలు పడింది. అసిస్టెంట్ ఇంజనీరు చూసి మండిపడ్డాడు. పైకి చెప్పిన మాట ఏం కావాలన్నాడు. నెలాఖరు కొలతల్లో సర్దుకుందాం, ఇప్పటికి చీటీల్లో ఉన్నదే రాయమన్నాడు. ఈయన కదల్లేదు. అప్పుడు అసిస్టెంట్ ఇంజనీరు గొంతు తగ్గించాడు. క్రైస్తవుడివై ఉండి పోచమ్మ గద్దెలకు తప్పు పడుతున్నావని కూలీలకు తెలిస్తే నీ గతి ఏమవుతుందో ఆలోచించుకోమన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన మీద సిరాబుడ్డి విసిరేద్దామనిపించింది. యెషయా మాత్రం గొంతు పెంచకుండా అన్నాడు:

"గీ కాయితం పెద్దసారుకు కండ్లు. ఆయన కండ్లల్ల మన్ను కొట్టుమంటె నేను కొట్ట. మీరు నన్ను తీసేయాల్నంటె తీసేయుండ్రి."

అసిస్టెంట్ ఇంజనీరు ఆ పట్టికను చించి, హనుమండ్లు అనే ఇంకో గుమాస్తాతో చీటీల లెక్కే రాయించాడు. తెల్లవారి పెద్ద ఇంజనీరు జీపు దిగి దాన్ని చదివాడు. ఎడమ కట్టకు తరుగు లేదు. రోలర్లనూ మనుషులనూ గండికి పంపమన్నాడు. యెషయా వెళ్లి జీపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆ లెక్క తప్పని, రెండు ఫర్లాంగులు నడిస్తే కళ్లతో చూడొచ్చని చెప్పాడు. అసిస్టెంట్ ఇంజనీరు పక్కకు జరగమన్నా జరగలేదు. పెద్ద ఇంజనీరు వాచీ చూసుకున్నాడు, విసుక్కున్నాడు, చివరికి నడిచాడు.

గుంత దగ్గర అందరూ దిమ్మ చుట్టూ నిలబడ్డారు గానీ ఎవరూ చెయ్యి వెయ్యలేదు. సూపర్‌వైజరు వెనక్కి జరిగాడు. అసిస్టెంట్ ఇంజనీరు జట్టును చూస్తూ, ఈయనే మీ గద్దె తీయమంటున్నాడని యెషయాను చూపించాడు. ఆడవాళ్లలో గొణుగుడు మొదలైంది. పెద్ద ఇంజనీరు కిష్టవ్వనే అడిగాడు, ఈ గద్దె మట్టి ఎప్పటిదని. ఆమె వెనక్కి తిరిగి కట్ట వైపు చూసింది. కట్ట కింద గుడిసెల ముందు ఆరేసిన బట్టలు కనిపిస్తున్నాయి. గండి మూస్తారంట గదా అని ఆమె తిరిగి అడిగింది. ఆ ఎత్తు చాలుతుందని లెక్కలో ఉంటే మూస్తామని ఆయన చెప్పాడు.

కిష్టవ్వ పార పక్కన పెట్టింది. దిమ్మకు దండం పెట్టుకుంది. వేపకొమ్మ తీసి కొంగులో పెట్టుకుని, రెండు చేతులతో గద్దె మట్టిని పెళ్లలు పెళ్లలుగా తీసి పక్కన చదునైన చోట పేర్చింది. కింద ఎండిన గడ్డి బయటపడింది. అప్పుడు చెప్పింది:

"మేం తవ్వని మన్ను మాకొద్దు సారూ. నీళ్లొస్తే గీ కట్ట కింద పండుకునేది మేము. మీరు గాదు."

పెద్ద ఇంజనీరు తానే టేపు పట్టి గడ్డి నుంచి కొలిచాడు. తర్వాత ఇంకో గుంత, ఇంకో గుంత కొలిచాడు. రోలర్లు ఎడమ కట్ట మీదే ఉండాలని, గండి ఈ ఏడు మూయొద్దని చెప్పి జీపెక్కాడు. చెప్పేస్తాను, ఆ వానాకాలం ఎర్రవాగు మహా ఉగ్రంగా వచ్చింది, గండిలోంచి పోయింది. గుడిసెల్లో పొయ్యిలు ఒక్క పూట కూడా ఆరలేదు.

అసిస్టెంట్ ఇంజనీరు ఊరుకునే రకం కాదు. జీపుకు అడ్డం పడ్డం క్రమశిక్షణ లేకపోవడమని రాసి, గుంతలు కొలిచిన ఆ వారంలోనే యెషయాను పనిలోంచి తీసేశాడు. ఈయన గొడుగు, ట్రంకు పెట్టె తీసుకుని రెండు రోజులకొకసారి వచ్చే బండి కోసం చింతచెట్టు కింద కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడమెందుకు, ఏడ్చాను కూడా.

ఈ సంగతి గుంతల్లోకి ఎట్లా పోయిందో తెలియదు, నేను మాత్రం చెప్పలేదు. మరునాడు కిష్టవ్వ జట్టు గుంతల్లోకి దిగింది. తట్టలు బోర్లించి వాటి మీద కూర్చుంది. ఆమెను చూసి మిగతా జట్లూ కూర్చున్నాయి. సూపర్‌వైజరు బతిమాలాడు, అరిచాడు, మళ్లీ బతిమాలాడు. మా లెక్క సరిగ్గా రాసినోడు లేకుంటే మాకు లెక్కే వద్దన్నారు.

సాయంత్రం హనుమండ్లు పట్టిక ముందు పెట్టుకుని చేత్తో తల పట్టుకున్నాడు. ఎడమ కట్ట, ఇవాళ జరిగిన పని: సున్న. ఆ గడిలో ఎప్పుడూ సున్న పడలేదు. అసిస్టెంట్ ఇంజనీరు దాన్ని చూశాడు. తెల్లవారితే అది పెద్ద ఇంజనీరు బల్ల మీద ఉంటుంది. ఎందుకు సున్న అని అడగక మానడు. అసిస్టెంట్ ఇంజనీరు జవానును చింతచెట్టు దగ్గరికి పరుగెత్తించాడు.

యెషయా వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. రేపటి నుంచి పనికి రమ్మని, జరిగింది మరిచిపొమ్మని అసిస్టెంట్ ఇంజనీరు అన్నాడు. ఇవాళ్టి సున్నను కూడా కొట్టేసి, నిన్నటి పనిలో కొంత ఇటు జరిపితే ఎవరికీ ఇబ్బంది ఉండదని కూడా అన్నాడు. యెషయా హనుమండ్లు చేతిలోంచి పట్టిక తీసుకుని చూశాడు. సున్న గుండ్రంగా, స్పష్టంగా ఉంది.

"పనికొస్త," అన్నాడు. "సున్న గట్లనే ఉండాలె. గది గా ఆడోళ్ల పని. దాన్ని కొట్టేసే హక్కు మీకు లేదు, నాకూ లేదు."