ఎండిన, ఎండుతున్న

అనంతపురంలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేస్తాను. మండలాల విలేకర్లు పంపిన వార్తలు సరిదిద్ది, శీర్షిక పెట్టి, పేజీకి ఎక్కించడం నా పని. తెలుగు ఎమ్మే చదివినదాన్ని కాబట్టి భాష సంగతి వస్తే అందరూ నా బల్ల దగ్గరికే వస్తారు. అదొక గర్వం కూడా ఉండేది నాకు.

మొన్న ఎండాకాలంలో కొత్తచెరువు వైపు విలేకరి ఒక వార్త పంపినాడు. బోరు ఆగిపోయి ఒక పెద్దాయన చీనీ తోట, అంటే బత్తాయి తోట, వాడిపోతున్న సంగతి. పైన తనే శీర్షిక పెట్టినాడు: ‘నీళ్లు లేక ఎండుతాండే చీనీ తోట’.

మా పేజీలో ఇట్లా యాసలో ‘ఎండుతాండే’ అని వేయరు, ‘ఎండుతున్న’ అనాలి. లోపల ‘కొనిన నీళ్లు’ అని రాసినాడు, దాన్ని ‘కొన్న నీళ్లు’ చేసినాను. ‘తోలుతాండే ట్యాంకరు’ను ‘తోలుతున్న ట్యాంకరు’ చేసినాను. ఇలాంటివి సరిచూసుకోవడానికి నాకొక పద్ధతి ఉంది. నామవాచకాన్ని ముందుకు జరిపి వాక్యం చేసి చూస్తాను. తోలుతున్న ట్యాంకరు అంటే ట్యాంకరును తోలుతున్నారు. తోలిన ట్యాంకరు అంటే తోలేసినారు, పని అయిపోయింది.

శీర్షిక దగ్గరికొచ్చేసరికి ‘ఎండుతున్న’ ఒంటి కాలమ్‌లో పట్టలేదు. అక్షరం చిన్నది చేస్తే బాగుండదు. పేజీ పోయే టైమైంది. ‘ఎండిన’ అని కొట్టినాను. చక్కగా సరిపోయింది. ‘ఎండు’కు ‘ఇన’ చేరితే ‘ఎండిన’. రూపంలో తప్పేమీ లేదు. ఫొటోలో కొమ్మలు కూడా ఎండిపోయినట్టే కనిపించినాయి. ఆ ఒక్క మాటను మాత్రం వాక్యం చేసి చూసుకోలేదు.

మరుసటి రోజు పొద్దున విలేకరి ఫోన్ చేసినాడు.

“అక్కా, తోట ఎండుతాండాది అని కదా నేను రాసింది. ఎండిన తోట అని వేసినారే?”

“జాగా పట్టలేదప్పా. ఏమైంది?”

“టౌన్లో కొందరు పిల్లోళ్లు చందాలేసుకుని తోటలకు ట్యాంకర్లు తోలిస్తాండారు కదా. ఈ పొద్దు ఈడికి రావాల్సింది. పేపర్ చూసి, ఆ తోట ఎట్లాగూ పోయిందిలే అనుకుని వేరే ఊరికి తోలినారంట.”

ఆ కుర్రాళ్లకు వెంటనే ఫోన్ చేసి తప్పు నాదని చెప్పినాను. వాళ్లు మంచిగానే విన్నారు. కానీ వచ్చే వారం వరకు ట్యాంకర్లన్నీ వేరే తోటలకు మాట ఇచ్చేసినామన్నారు. సవరణ వేయించినాను, లోపలి పేజీలో ఒక మూలన: ‘ఎండిన’ అన్నదాన్ని ‘ఎండుతున్న’ అని చదువుకోగలరు. ఎవరు చదివింటారు?

ఆదివారం బస్సెక్కి పోయినాను. విలేకరి స్టాండు దగ్గర కాచుకుని, బండి మీద తోటకు తీసుకుపోయినాడు. పెద్దాయన నన్ను చూడలేదు, అతణ్నే చూసినాడు.

“మళ్లా ఏం రాయడానికి వచ్చినావు రా? నా చెట్లను బతికుండంగానే చంపితివి కదా.”

అతను తల దించుకున్నాడు. డెస్కులో మార్చినారని ఒక్క మాట అనలేదు. నా మీద మాట వస్తే తన వార్తలు పడవని భయమో, మర్యాదో. ఊరంతా అతణ్ని అట్లా అంటూనే ఉన్నారని అప్పుడు అర్థమైంది.

“అది రాసింది ఆయన కాదు,” అన్నాను. “ఆయన సరిగ్గానే రాసినాడు. మార్చింది నేను.”

పెద్దాయన నా వైపు తిరిగినాడు. కోపగించుకోలేదు. ఒక చెట్టు దగ్గరికి పిలిచి, బెరడును గోరుతో గీకినాడు. లోపల పచ్చగా ఉంది.

“చూస్తివామ్మా? ఇది ఎండిందా, ఎండుతాందా?”

“ఎండుతోంది.”

“మరి చూడకుండా ఎట్లా రాస్తివి?”

జాగా పట్టలేదని ఆ చెట్టు ముందు నిలబడి ఎట్లా చెప్పేది?

వారం దాటినాక ట్యాంకర్లు వచ్చినాయి. దారి పక్క సాళ్లు చిగురేసినాయి. గట్టు వైపు సాళ్లు పోయినాయి, ఆయన వాటిని కొట్టించేసినాడు. ఆ వారం నీళ్లు పడుంటే అవి బతికేవో లేదో తెలీదని విలేకరి నాతో అన్నాడు. నన్ను ఊరడించడానికే అన్నాడని తెలుసు.

ఇప్పుడతను ‘ఎండుతాండే’ అని రాయడు. అన్నీ పుస్తకాల తెలుగులోనే రాస్తాడు. పంపినాక ఫోన్ చేసి, “అక్కా, ‘కోస్తున్న’ కరెక్టేనా, ‘కోసిన’ అనల్లా?” అని అడుగుతాడు. “కోత అయిపోయిందా, ఇంకా కోస్తాండారా?” అని నేనడుగుతాను. అతను చెప్పింది చెప్పినట్టే వేస్తాను. మునుపు అతనికి ఇట్లా ఎవర్నీ అడగాల్సిన అవసరం ఉండేది కాదు.