సగం తెల్లబడిన డాబా

ఊరికే వచ్చేదేదైనా జీవీబెన్‌కు అనుమానమే. అహ్మదాబాదులో ఒంటిగది కాంక్రీటు డాబా కింద, పెళ్లైన నాటి నుంచీ ఆమె అప్పడాలు ఒత్తుతోంది. ఈ పనికి ఫ్యాను పగ. గాలి తగిలితే పిండి ఉండలు బిరుసెక్కి అంచులు పగులుతాయి. వేసవి మధ్యాహ్నం దాటేసరికి పైకప్పు పెనంలా కాలేది. పోయిన వారం పీట మీదే కళ్లు తిరిగి పడింది. సాయంత్రానికి ఒప్పుకున్నన్ని అప్పడాలు ఇవ్వకపోతే షావుకారు పిండిని ఇంకో ఇంటికి ఇస్తాడు.

ఆ పొద్దున సందులోని మహిళా సంఘం నుంచి నిరంజన తెల్లరంగు డబ్బాతో వచ్చింది.

"డాబాకు పూస్తాం బెన్. డబ్బులేం వద్దు."

"ఊరికేనా? రేపు మున్సిపాలిటీవాళ్లు గుర్తుపట్టి కూలగొట్టడానికా?"

"కూలగొట్టేవాళ్లకు రంగెందుకు?"

"అయినా డాబా పైన నేల చల్లబడితే నా అప్పడాలెలా ఎండుతాయి? ఆలోచించావా?"

బేరం సగం దగ్గర తెగింది. పొయ్యి వైపు సగం తెల్లన, మంచం వైపు సగం బూడిద రంగు.

ఎండ దేశాల్లో ఇళ్లకు తెల్లసున్నం చూసి అందం కోసమనుకునే యాత్రికులుంటారు. ఆ ఇళ్లవాళ్లు విని నవ్వుకుంటారు. జీవీబెన్ నవ్వలేదు. రంగు ఆరగానే స్టూలెక్కి లోపలి నుంచి పైకప్పును రెండు వైపులా తడిమింది.

"ఒకేలా ఉంది! సున్నంనీళ్లు పూసిపోయావ్ కదూ?"

"ఓపిక పట్టు బెన్. స్లాబు మందం. పొద్దుటి ఎండ లోపలికి దిగేసరికి సాయంత్రమవుతుంది. తెలుపు మీద పడింది చాలావరకు పైనుంచే తిరిగిపోతుంది, దిగేది తక్కువ. రేపు సాయంత్రం చూడు."

మర్నాడు సాయంత్రం మళ్లీ స్టూలెక్కింది. తెల్ల సగం కింద కప్పు గోరువెచ్చగా ఉంది. బూడిద సగం కింద జ్వరం వచ్చినవాడి నుదురులా కాలింది. అప్పుడూ నమ్మలేదు. "ఆ వైపు సందు గాలి వస్తుంది, అంతే" అనుకుంటూనే పీటను మాత్రం తెల్ల సగం కిందికి జరిపింది. ఆ రోజు ఒత్తాల్సిన పిండి మిగల్లేదు.

ఆ రాత్రి మంచంలో పూంజాభాయ్ చెమటలు తుడుచుకుంటున్నాడు.

"నీకు చల్లన, నాకు కొలిమా? మొగుణ్ణే ఎండబెడుతున్నావా?"

"అప్పడాలకు వేడి నేల కావాలయ్యా."

"ఎవరు చెప్పారు?" అంటూ నులకమంచం డాబా పైకి ఎత్తుకుపోయి తెల్లనేల మీద వేశాడు. మర్నాడు పొద్దున ఆమె గొణుగుతూనే మంచం మీద పల్చటి బట్ట వేసి అప్పడాలు పరిచింది. పైన ఎండ, కింద నేల నుంచి తిరిగొచ్చే వెలుగు, నులక సందుల్లోంచి గాలి. కాసేపటికే గలగలలాడాయి. ఒకటి విరిచి నాలుక మీద పెట్టుకుంది, వాసన చూసింది, వెలుతురుకెత్తి చూసింది. తప్పు దొరకలేదు.

"ఏమంటావ్?" అన్నాడు పూంజాభాయ్.

"ఈ ఒక్కరోజు కుదిరిందేమో. నిరంజనను పిలు. మిగతా సగం కూడా పూయించు. కానీ డబ్బా మూత నా ఎదుటే తియ్యమను."