సామికి పెట్టిన మామిడి

ఉడుమలైపేట బస్టాండు పక్కన పుచ్చకాయ ముక్కలు అమ్మే పొన్ను ముక్కుకు ఆ వీధిలో ఒక పేరుంది. ముక్క చేతికి జిగురుగా తగిలినా, గింజ పక్కన నురుగు లేచినా, వాసనలో రవ్వంత పులుపు తోచినా అది బకెట్లోకి పోవాల్సిందే. కోసినది మర్నాటికి ఉంచదు. పక్క బండి పళనివేల్, ఐసులో పెడితే ఏమౌతుందక్కా అని ఎగతాళి చేస్తే, ఐసు పులవడాన్ని ఆలస్యం చేస్తుందేగాని ఆపదని ఎన్నోసార్లు కసురుకుంది.

ఇంట్లో మాత్రం ఆ ముక్కు పని చేయదు. ఏడాదికి మొదటి మామిడిపండు కోసి ఇంటి సామికి పెట్టాక, ఆ ఇంటి ఆడపిల్ల నోట పడేదాకా దాన్ని ఇంకెవరూ తాకకూడదు. ఆ కట్టుబాటు పెట్టిన రోజుల్లో ఆడపిల్ల పక్క వీధిలో ఉండేది. ఇప్పుడు పొన్ను కూతురు ఇందుజ కోయంబత్తూరులో ఉంది, కడుపుతో ఉంది. ఈ వారం వస్తా, పై వారం వస్తా అంటూ రాక జరిగిపోతోంది. సామికి పెట్టిన మామిడి ముక్కలు బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బాలో, ఫ్రిజ్‌లో అలాగే ఉన్నాయి. మూత నడుమ ఉబ్బడం పొన్ను చూసింది. చూసి, డబ్బా పక్కకు జరిపి పాలగిన్నె పెట్టుకుంది.

ఇందుజ వచ్చీ రాగానే, కాళ్లు కడుక్కుని ఫ్రిజ్ తెరిచింది. మూత లాగితే బుస్సుమంది. ఆకలి మీద ఒక ముక్క నోట్లో వేసుకుంది. మరుక్షణం సింకు దగ్గరికి పరుగెత్తి ఉమ్మేసింది.

"అమ్మా, నాలిక సోడా తాగినట్టు చిమచిమ అంటాది."

పొన్ను డబ్బా అందుకుంది. ముక్కల చుట్టూ నీరు ఊరి, అంచుల్లో బుడగలు తేలుతున్నాయి. కల్లు వాసన గుప్పున కొట్టింది. అయినా ఆమె నోరు ఆమెను అడగకుండానే కదిలింది.

"సామి పండు పాపా. ఏమీ సేయదు."

ఇందుజ నోరు పుక్కిలించి, పొట్ట మీద చేయి పెట్టుకుని తల్లి వైపు తిరిగింది.

"నీ బండి కాడికి వచ్చినోళ్లకి దీన్ని ఇస్తావామ్మా?"

పొన్ను ఉలిక్కిపడి డబ్బా గట్టు మీద పెట్టేసింది. ముక్క పాడైనందుకు కాదు; పండ్లు పాడవడం ఆమెకు రోజూ ఉండేదే. ముక్కు ఉండీ, ఉబ్బిన మూతను కళ్లతో చూసీ, ఊరూ పేరూ తెలియని బస్సు ప్రయాణికుడికి ఇవ్వనిదాన్ని కడుపుతో ఉన్న కూతురికి తినమన్నది తన నోరేనా? మింగావా, కొంచెమైనా మింగావా అని మళ్లీ మళ్లీ అడిగింది. లేదని ఇందుజ ఎన్నిసార్లు చెప్పినా నమ్మకం కుదరలేదు. వార్డు నర్సు జెబమలర్‌కి ఫోన్ చేసింది. మింగలేదు గనుక భయం లేదని, అయినా జ్వరమో విరేచనాలో వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకురమ్మని ఆమె చెప్పాక గానీ పొన్ను గోడకు ఆనుకుని కూచోలేకపోయింది.

తర్వాత డబ్బాలోని ముక్కలు పెరట్లో గుంటలో కుమ్మరించి మట్టి కప్పింది. బుట్టలోంచి మరో పండు తీసి, కడిగి, కోసింది. ఇందుజ అలవాటుగా సామి పటం వైపు చూసింది.

"నువ్వు తిను ముందు," అంది పొన్ను. ముక్కను ముక్కు దగ్గర పెట్టి వాసన చూసి, కూతురి చేతికిచ్చింది.